చిన్న షాపుకు బీమా: నిప్పు, దొంగతనం, యజమాని ఆరోగ్యం – ఏ పాలసీ ఎవరికి, ఏది ముందు

కిరాణా కొట్టో, బట్టల షాపో, మొబైల్ షాపో నడిపేవాళ్లు బీమా గురించి అడిగేటప్పుడు ప్రశ్న దాదాపు ఒకేలా ఉంటుంది. "షాపుకు ఒక పాలసీ చేయించాలి, ఏది మంచిది?" అంటారు. నిప్పుకి, దొంగకి, యజమాని అనారోగ్యానికి కలిపి ఒకే పాలసీ దొరుకుతుందన్న ఆశ ఆ మాటలో ఉంటుంది. అలాంటి పాలసీ నిజానికి లేదు. షాపు కోసం అమ్మే ప్యాకేజీ పాలసీలో నిప్పు, దొంగతనం, గల్లా డబ్బు, అద్దాలు, ప్రమాద మరణం వరకు ఉంటాయి. యజమానికి డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో చేరితే మాత్రం అందులోంచి ఒక్క రూపాయి రాదు. ప్యాకేజీలో ఉండే 'పర్సనల్ యాక్సిడెంట్' భాగాన్ని ఆరోగ్య బీమా అనుకుని ఊరుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

కాబట్టి మూడు నష్టాలనూ విడివిడిగా చూసి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవడమే సరైన దారి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పట్టణాల్లోనూ మండల కేంద్రాల్లోనూ ఐదారు లక్షల నుంచి ఇరవై, ముప్పై లక్షల దాకా సరుకు పెట్టుకుని, ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో నడిచే షాపులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదట చూడాల్సింది నష్టం ఎంత పెద్దది కాగలదన్నది. నిప్పు అంటుకుంటే, నీళ్లు వస్తే ఒక్క రాత్రిలో షాపు మొత్తం పోవచ్చు. దొంగ వస్తే మోసుకెళ్లగలిగినంతే పోతుంది. కిరాణా కొట్టులో దొంగ బియ్యం బస్తాలు మోసుకుపోడు, సిగరెట్లు, నెయ్యి, గల్లాలో చిల్లర పట్టుకుపోతాడు. మొబైల్ షాపులో అయితే ఒక్క సంచిలో షాపంతా పట్టుకుపోగలడు. అనారోగ్యం దెబ్బ రెండు వైపులా పడుతుంది. ఒకవైపు ఆసుపత్రి బిల్లు, మరోవైపు షట్టర్ దించేసిన రోజుల వ్యాపారం.

రెండోది, పాలసీ ఆ నష్టాన్ని ఏ మాటల్లో నిర్వచించింది అన్నది. మనం దొంగతనం అనుకునేది, పాలసీ దొంగతనం అనేది ఒకటి కావు. మూడోది, నష్టాన్ని ఏ లెక్కన కడతారు అన్నది. షాపుల క్లెయిములు సగానికి సగం తెగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ప్రీమియం ఎంత అన్నది ఆ తర్వాతి ప్రశ్న. పది లక్షల సరుకున్న మామూలు షాపుకు నిప్పు, వరదల బీమా ఏడాదికి వందల్లోనో, కొద్ది వేలల్లోనో అయిపోతుంది. కుటుంబానికి ఆరోగ్య బీమా మాత్రం వయసును బట్టి ఇరవై వేలు, ముప్పై వేలు, ఇంకా పైకి కూడా పోతుంది. ఈ రెండు ఖర్చుల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు షాపు పాలసీలో రెండు మూడు వందలు మిగుల్చుకోవడానికి సరుకు విలువ తగ్గించి రాయించడం దండగ.

షాపుకు ఉన్న దారులు

| | బ్యాంకు చేయించే పాలసీ | భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష | దానికి తోడు బర్గ్లరీ పాలసీ | షాప్‌కీపర్స్ ప్యాకేజీ |
|---|---|---|---|---|
| నిప్పు, పిడుగు, పేలుడు | ఉంటుంది | ఉంది | ఉంది | ఉంది |
| వరద, తుపాను | కాగితం చూసి తేల్చుకోవాలి | ఉంది | ఉంది | సాధారణంగా ఉంటుంది, ఫైర్ భాగం చదవాలి |
| తాళం, షట్టర్ పగలగొట్టి దొంగతనం | కొన్నింటిలో ఉంటుంది | లేదు | ఉంది | ఉంది |
| గల్లా, దారిలో నగదు | దాదాపు ఉండదు | కొద్దిగా, నిప్పు, వరదలాంటి నష్టాల్లోనే | విడిగా అడగాలి | ఉంది, పరిమితితో |
| సరుకు విలువ ఎవరు నిర్ణయిస్తారు | బ్యాంకు, తరచుగా లోన్‌ను బట్టి | మీరు | మీరు | మీరు |
| యజమాని ఆసుపత్రి ఖర్చు | లేదు | లేదు | లేదు | లేదు |

భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనేది ఒక కంపెనీ సరుకు కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీల చేతా అమ్మిస్తున్న ప్రామాణిక పాలసీ ఇది. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకు వర్తిస్తుంది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే కాబట్టి పోల్చడం తేలిక. ప్రీమియం, క్లెయిమ్ దగ్గర ఆ బ్రాంచి తీరు చూసుకుంటే చాలు.

దీన్ని అందరూ 'ఫైర్ పాలసీ' అనే అంటారు. ఆ పేరు వల్ల నష్టపోయేవాళ్లున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు, అదే రోజుల్లో మున్నేరు పొంగి ఖమ్మంలో షాపుల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లలో మునిగిన సరుకుకు ఫైర్ పాలసీలో డబ్బు రాదనుకుని క్లెయిమ్ పెట్టకుండా ఊరుకుంటే అది పూర్తిగా చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఈ పాలసీలో నిప్పుతో పాటు పిడుగు, పేలుడు, భూకంపం, తుపాను, వరద, వాహనం వచ్చి గుద్దడం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగిలి పారడం కూడా ఉన్నాయి. పాత రకం ఫైర్ పాలసీల్లో వరదను వద్దనుకుని ప్రీమియం తగ్గించుకునే వీలుండేది. అందుకే బ్యాంకు ఎప్పటినుంచో తిరగరాయిస్తూ వస్తున్న పాలసీ మీ దగ్గరుంటే ఆ వరుస ఉందో లేదో ఒకసారి కాగితం తీసి చూడాలి.

ఇందులో లేనిది మామూలు దొంగతనం. నిప్పో వరదో వచ్చి, దాని కారణంగా ఆ తర్వాత 7 రోజుల లోపల ఎవరైనా సరుకు ఎత్తుకుపోతే కడతారు. ఏ గొడవా లేని రాత్రి షట్టర్ లేపి పట్టుకుపోతే కట్టరు. దానికి బర్గ్లరీ పాలసీ వేరే తీసుకోవాలి, లేదా ప్యాకేజీకి వెళ్లాలి.

ఇంకో రెండు ఖాళీలు కూడా కిరాణా, బేకరీ వాళ్లు తెలుసుకోవాలి. షార్ట్ సర్క్యూట్‌తో ఫ్రీజర్ మోటారు కాలిపోతే ఆ ఫ్రీజర్‌కు ఫైర్ పాలసీ కట్టదు. అక్కణ్నుంచి మంట పక్కకు పాకి సరుకు కాలితే ఆ సరుకుకు కడుతుంది. అలాగే కరెంటు పోయి ఐస్‌క్రీములు కరిగిపోవడం అగ్ని నష్టం కాదు. ఫ్రీజర్ల మీదే బతికే షాపులకు ప్యాకేజీలోని యంత్రాల చెడిపోవడం భాగం పనికొస్తుంది, కానీ అది యంత్రానికే. సరుకు పాడవడానికి విడిగా అడిగి రాయించుకోవాలి.

సరుకు విలువ దగ్గర తెగిపోయే క్లెయిమ్

నరసరావుపేట లాంటి ఊళ్లో అద్దె గదిలో నడిచే ఒక కిరాణా షాపును ఊహించుకుందాం. షాపులో ఎప్పుడూ 9 లక్షల సరుకు ఉంటుంది. సంక్రాంతి ముందు 10 లక్షలు అవుతుంది. బ్యాంకులో 5 లక్షల సీసీ లిమిట్ ఉంది. బ్యాంకు తన లోన్‌కు సరిపడా 5 లక్షలకే సరుకు బీమా చేయించి, ప్రీమియం ఖాతాలోంచి కోసుకుంది. యజమాని "మనకు బీమా ఉంది" అనుకుంటున్నాడు.

జనవరిలో మంటలు లేచాయి. ఆ రోజు సరుకు 10 లక్షలు, కాలింది 6 లక్షలు. పాలసీ 5 లక్షలది కాబట్టి 5 లక్షలొస్తాయని ఆయన లెక్క. నష్టం లెక్క కట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ లెక్క వేరు. ఉండాల్సిన బీమా 10 లక్షలు, ఉన్నది 5 లక్షలు, అంటే సగం. కాబట్టి నష్టంలోనూ సగమే, 3 లక్షలు. అందులోంచి మనమే భరించాలని పాలసీలో రాసిన మినహాయింపు పోతుంది. మిగిలిన చెక్కు మీద మొదటి హక్కు బ్యాంకుది, ఎందుకంటే పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది. షాపు మళ్లీ తెరవడానికి ఆయన చేతికి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

అదే ఆయన తన పేరు మీద భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో 9 లక్షలకు రాయించి ఉంటే, పండగ సరుకు వల్ల లక్ష తక్కువ పడినా పర్వాలేదు. బీమా 15 శాతం లోపు తక్కువగా ఉంటే కోత పెట్టకూడదన్నది ఈ పాలసీ షరతు. 10 లక్షలకు 9 లక్షలంటే తరుగు 10 శాతమే. 6 లక్షల నష్టానికి 6 లక్షలూ మినహాయింపు పోను వస్తాయి. ఈ రెండు పాలసీల ప్రీమియంలో తేడా ఒక పెద్ద పండగ రోజు లాభమంత కూడా ఉండదు.

బ్యాంకు పాలసీని రద్దు చేయమని నేను చెప్పడం లేదు. బ్యాంకు ఒప్పుకోదు కూడా. మీరే పూర్తి విలువకు పాలసీ తీసుకుని, అందులో బ్యాంకు క్లాజు రాయించి, ఆ కాపీ బ్యాంకులో ఇస్తానని రాతపూర్వకంగా అడగండి. ఎక్కువ బ్రాంచీలు దీనికి అభ్యంతరం చెప్పవు, వాళ్లకు కావాల్సింది సరుకుకు బీమా ఉండటం. అప్పుడు అడ్రసు కూడా మీ చేతిలో ఉంటుంది. వెనక వీధిలో గోడౌన్ ఉంటే అదీ పాలసీలో ఉండాలి. షాపు అడ్రసు ఒక్కటే రాసి ఉంటే గోడౌన్‌లో పోయిన సరుకుకు పాలసీ లేనట్టే. రెండు చోట్ల మధ్య సరుకు మారుతూ ఉండేవాళ్లు ఫ్లోటర్ కవర్ అడగాలి.

విలువ అంటే అమ్మే ధర కాదు, కొన్న ధర. లాభం ఇందులో రాదు. జీఎస్టీ సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్న షాపు కొనుగోళ్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటుంది. సరుకు కాలిపోయినా, పోయినా, దొంగలపాలైనా జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలి. అంటే ఆ పన్ను కూడా మీ నష్టమే. సరుకు విలువలో జీఎస్టీ కలిపి బీమా రాయించి, క్లెయిమ్ సమయంలో క్రెడిట్ వెనక్కి కట్టిన లెక్క చూపిస్తే ఆ మొత్తం అడిగే హక్కు ఉంటుంది. కలపకపోతే సర్వేయర్ పన్ను తీసేసి లెక్క కడతాడు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు క్రెడిట్ ఉండదు కాబట్టి వాళ్ల కొన్న ధరలో పన్ను ఎలాగూ కలిసే ఉంటుంది.

అద్దె షాపు అయితే బిల్డింగ్ బీమా ఓనరు బాధ్యత. మీరు పెట్టించిన ర్యాకులు, ఫాల్స్ సీలింగ్, ఏసీ, కంప్యూటర్, కాటా మీవి. వాటిని సరుకుతో కలిపేయకుండా ఫర్నిచర్, ఫిక్చర్ల కింద విడిగా విలువ వేసి రాయించండి. టైలర్లు, మొబైల్ రిపేరు వాళ్లు, డ్రైక్లీనింగ్ వాళ్ల దగ్గర ఉండే సరుకు చాలావరకు కస్టమర్లది. 'నమ్మకం మీద ఉంచుకున్న ఇతరుల వస్తువులు' అని పాలసీలో రాయించకపోతే ఆ పట్టుచీరకో, ఆ ఫోనుకో మీ జేబులోంచే కట్టాలి.

దొంగతనం: ప్యాకేజీనా, విడి బర్గ్లరీనా

బర్గ్లరీ పాలసీ భాషలో దొంగతనం అంటే బలవంతంగా లోపలికి దూరడం, లేదా బలవంతంగా బయటికి పోవడం. తాళం విరిగి ఉండాలి, షట్టర్ వంగి ఉండాలి, గోడకు కన్నం ఉండాలి, లేదా మనిషిని బెదిరించి లాక్కుని ఉండాలి. కౌంటర్ దగ్గర జనంలో ఎవరో రెండు చీరలు సంచిలో వేసుకుపోతే అది ఇందులోకి రాదు. నెలాఖరు లెక్కల్లో సరుకు తక్కువ కనబడటం రాదు. పనివాడు చేసిన దొంగతనం రాదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అనే వేరే భాగం ఉంది. మారు తాళంచెవితో తెరిచి, ఏ గుర్తూ మిగల్చకుండా పోతే కూడా చిక్కే. పాలసీల్లో తరచుగా ఇంకో షరతు కనిపిస్తుంది. షాపును వరుసగా 7 రోజులు, రాత్రులు మూసి వదిలేస్తే ఆ సమయంలో కవర్ ఉండదు. వేసవిలో ఊరెళ్లేవాళ్లు, తిరుపతి, శిరిడీ కలిపి యాత్రకు పోయేవాళ్లు వెళ్లేముందు కంపెనీకి రాసి పెట్టుకోవాలి.

ఈ పాలసీ ఎంత మొత్తానికి తీసుకోవాలన్నది షాపు రకాన్ని బట్టి మారాలి. 'ఫస్ట్ లాస్' అనే పద్ధతి ఉంది. మొత్తం సరుకు విలువ చెప్పి, అందులో 25 శాతం వరకే దొంగతనం కవర్ తీసుకోవచ్చు. 10 లక్షల కిరాణాకు రెండున్నర లక్షలు సరిపోతుంది, ఎందుకంటే ఒక్క రాత్రిలో అంతకు మించి మోసుకుపోవడం కష్టం. మొత్తం సరుకు విలువ మాత్రం నిజంగా చెప్పాలి, దాన్ని తగ్గించి చెబితే ఇక్కడ కూడా అదే సగం లెక్క మొదలవుతుంది. మొబైల్, వాచీలు, మందుల హోల్‌సేల్, పట్టుచీరల షాపులకు ఫస్ట్ లాస్ వద్దు, పూర్తి విలువకే వెళ్లాలి. నగల షాపు ఈ పోలికలోనే లేదు, వాళ్లకు జ్యూయలర్స్ పాలసీ వేరే ఉంటుంది.

ప్యాకేజీ ఎవరికి? రోజూ గల్లాలో పెద్ద నగదు ఉండి, దాన్ని బ్యాంకుకు తీసుకెళ్లే పెట్రోలు బంకు పక్క షాపులు, మెడికల్ షాపులు, మద్యం షాపుల వాళ్లకు నగదు భాగం పనికొస్తుంది. అయితే షాపు కట్టేశాక నగదు తాళం వేసిన ఇనప్పెట్టెలో ఉండాలన్న షరతు చూసుకోవాలి. ముందంతా గాజు పలకలతో, నియాన్ బోర్డుతో ఉండే ఫ్యాన్సీ, మొబైల్ షాపులకు అద్దాల భాగం బాగుంటుంది. పనివాళ్లు గిడ్డంగిలో నిచ్చెనలెక్కే హార్డ్‌వేర్ షాపులకు, కస్టమర్లు ఎక్కువగా లోపలికి వచ్చే షాపులకు, వాళ్లకు దెబ్బ తగిలితే కట్టే బాధ్యత భాగం అక్కరకొస్తుంది. మామూలు కిరాణా, స్టేషనరీ, బట్టల షాపులకు సూక్ష్మ ఉద్యమ్ పాలసీ, దాని పక్కన ఫస్ట్ లాస్ బర్గ్లరీ చాలని నా అభిప్రాయం. ప్యాకేజీలో పది భాగాలకు కొంచెం కొంచెంగా డబ్బు పోతుంది, మీకు అసలైన ఫైర్ భాగంలో విలువ తగ్గించి రాస్తుంటారు. ఏజెంటు ప్యాకేజీ తెస్తే ఒకటే అడగండి: ఫైర్ భాగంలో నా సరుకు విలువ ఎంత వేశారు?

యజమాని ఆరోగ్యం

చిన్న షాపుకు అసలు యంత్రం యజమానే. అందుకే నిప్పు బీమా కంటే ఇది ముందు ఉండాలంటాను. నిప్పు వచ్చే అవకాశం తక్కువ, నలభై ఐదు దాటాక ఆసుపత్రి మెట్లెక్కే అవకాశం ఎక్కువ. పైగా ఇది ఆలస్యం చేస్తే రేపు దొరకని సరుకు. షాపుకు ఫైర్ పాలసీ ఏ రోజైనా ఇస్తారు. షుగర్ బయటపడ్డాక ఆరోగ్య పాలసీ దొరకడం కష్టమవుతుంది, దొరికినా ఆ జబ్బుకు డబ్బిచ్చేదాకా ఎదురుచూపు ఉంటుంది.

ఇక్కడ ఎంపిక మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది ప్రభుత్వ పథకం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 70 ఏళ్లు దాటిన తల్లిదండ్రులకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆదాయంతో పని లేకుండా వస్తుంది. గుండె ఆపరేషన్, క్యాన్సర్, డయాలసిస్ లాంటి వాటికి ఈ పథకాలు నిజంగా ఆదుకుంటాయి. అర్హత ఉండి కార్డు తీసుకోని షాపు యజమాని ముందు ఆ పని చేయాలి. కానీ ఇవి జాబితాలో ఉన్న చికిత్సలకే, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే పనిచేస్తాయి. మీ ఊళ్లో మీరు రోజూ వెళ్లే నర్సింగ్ హోమ్ ఆ జాబితాలో ఉందా అన్నది ఈరోజే కనుక్కోవాల్సిన విషయం.

రెండోది ఆరోగ్య సంజీవని. ఇది కూడా ఐఆర్‌డీఏఐ 2020 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన ప్రామాణిక పాలసీ, అన్ని కంపెనీల్లో షరతులు ఒకటే. ప్రీమియం మామూలు పాలసీల కంటే తక్కువగా ఉంటుంది. బదులుగా ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనం కట్టాలి, గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకు 5,000 మించకుండా. చిన్న షరతులా కనిపించే ఈ గది అద్దె పరిమితి బిల్లు మొత్తాన్ని తింటుంది. ఒక లెక్క చూడండి.

గుంటూరులోనో వరంగల్‌లోనో రోజుకు 8,000 గదిలో 5 రోజులున్నారు. గదికి 40,000, డాక్టరు, ఆపరేషన్, నర్సింగ్ కలిపి 80,000, మందులు, పరీక్షలు 30,000. మొత్తం లక్షన్నర. గదికి రోజుకు 5,000 చొప్పున 25,000 ఇస్తారు. గదిని బట్టి మారే డాక్టరు, ఆపరేషన్ ఖర్చులోనూ ఎనిమిదింట ఐదు వంతులే, అంటే 50,000. మందులు, పరీక్షల 30,000 పూర్తిగా. వెరసి 1,05,000, అందులో 5 శాతం పోతే 99,750. మీ జేబులోంచి 50,250. అదే ఆసుపత్రిలో 5,000 లోపు గది తీసుకుని ఉంటే కోత ఆ 5 శాతమే. ఆరోగ్య సంజీవని మంచి పాలసీయే, చేరేటప్పుడు గది రేటు అడిగే అలవాటు ఉన్నవాళ్లకు.

మూడోది గది పరిమితి, మనం కట్టే శాతం లేకుండా, ఒకే బీమా మొత్తాన్ని కుటుంబమంతా వాడుకునే మామూలు ఫ్యామిలీ ఫ్లోటర్. ప్రీమియం ఎక్కువ, కానీ కార్పొరేట్ ఆసుపత్రుల బిల్లుకు తట్టుకుంటుంది. ఎక్కువ మొత్తం కావాలనుకుంటే 5 లక్షల ఫ్లోటర్ మీద, 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్-అప్ పెట్టడం ఒకే పెద్ద పాలసీ కంటే సాధారణంగా చవక. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. షాపు పాలసీ మీద మాత్రం ఆ 18 శాతం ఉంది, కోట్ పోల్చేటప్పుడు పన్ను కలిపిన అంకె చూడండి.

షుగర్, బీపీ దాచకండి. ఏజెంటు "రాయకపోయినా పర్వాలేదు, ప్రీమియం పెరుగుతుంది" అంటే ఆయన మాట వినొద్దు. రాస్తే ఎదురుచూపు గరిష్ఠంగా 36 నెలలు, 2024 నుంచి అంతకు మించి పెట్టకూడదు. రాయకుండా ఉంటే మొదటి పెద్ద క్లెయిమ్‌లోనే మీ పాత మందుల చీటీ బయటకు వస్తుంది. ప్రీమియం ఆపకుండా 60 నెలలు కట్టాక, మోసం నిరూపిస్తే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. మొదటి 30 రోజుల్లో ప్రమాదాలు తప్ప వేరే జబ్బులకు ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

యజమాని అనారోగ్యంతో షట్టర్ దించిన రోజుల నష్టానికి ఏ షాపు పాలసీ కూడా డబ్బివ్వదు. షాపు పాలసీలో ఉండే వ్యాపార నష్టం భాగం నిప్పు, వరదల వల్ల మూతపడితేనే పనిచేస్తుంది. ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకు ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ కవర్ ఒక్కటే దీనికి దగ్గరగా వస్తుంది. ఒంటి మనిషి నడిపే షాపులకు ఇది తీసుకోమంటాను. కొడుకో, భార్యో కౌంటర్లో కూర్చోగలిగిన షాపుకు అవసరం తక్కువ. దీనితో పాటు బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలు, 50 ఏళ్ల లోపు వాళ్లకు జీవన్ జ్యోతి 436 రూపాయలు కోసేలా పెట్టండి, రెండింటిలోనూ 2 లక్షల చొప్పున. ఇవి ఆరోగ్య బీమా కావు, కానీ ఈ ధరకు వదలకూడదు.

ఎవరు ఏది తీసుకోవాలి

ఇంటి ముందు గదిలో లక్ష, రెండు లక్షల సరుకుతో నడిపేవాళ్లకు, కార్డు ఉంటే ప్రభుత్వ పథకం, దాని పక్కన ఆరోగ్య సంజీవని, షాపుకు సూక్ష్మ ఉద్యమ్ ఒక్కటి చాలు. దొంగతనం బీమా ఈ స్థాయిలో తర్వాత చూసుకోవచ్చు. ఆ డబ్బుతో మంచి తాళం, కెమెరా పెట్టించడం మేలు.

పది లక్షల అటూ ఇటూ సరుకున్న, సీసీ లిమిట్ వాడుకునే కిరాణా, బట్టలు, చెప్పుల షాపులకు పైన చెప్పిన నరసరావుపేట దారి సరిపోతుంది. తమ పేరు మీద పూర్తి విలువకు సూక్ష్మ ఉద్యమ్, బ్యాంకు క్లాజుతో. 25 శాతం ఫస్ట్ లాస్ బర్గ్లరీ. ఇంట్లో వాళ్లందరికీ 5 లక్షల ఫ్లోటర్. డబ్బు మూడింటికీ చాలకపోతే ముందు కోసేది బర్గ్లరీ, ఫ్లోటర్ కాదు.

మొబైల్, మెడికల్, ఫ్యాన్సీ షాపులవాళ్లు ప్యాకేజీ తీసుకోవచ్చు, దొంగతనం భాగం పూర్తి విలువకు. వరద ముప్పు ఉన్న చోట, అంటే కాలువ గట్టున, పల్లపు వీధిలో ఉన్న షాపువాళ్లు వాన మొదలయ్యాక పాలసీ కోసం పరిగెత్తొద్దు. ప్రీమియం జమ కాకుండా కవర్ మొదలవదు, ముంపు మొదలైన ప్రాంతంలో కంపెనీలు కొత్త పాలసీ ఇవ్వడానికి వెనకాడతాయి.

నష్టం జరిగిన రోజు

సరుకు కాలినా, తడిసినా మొదటి పని శుభ్రం చేయడం కాదు. ఫోన్‌తో ప్రతి ర్యాకునూ ఫొటో, వీడియో తీయండి, కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. మున్సిపాలిటీ వాళ్లు చెత్త ఎత్తేయాలని తొందరపెడితే, ఎత్తేసే ముందు తీసిన ఫొటోలే మీ సాక్ష్యం. పాడైన సరుకును సర్వేయర్ చూసేదాకా పారేయకుండా ఓ పక్కన పెట్టగలిగితే మంచిది. నిప్పుకైతే ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనానికైతే ఎఫ్ఐఆర్ కావాలి. ఎఫ్ఐఆర్‌లో తాళం విరిగిందన్న మాట, షట్టర్ వంగిందన్న మాట ఉండేలా చూసుకోండి. 'సరుకు కనబడటం లేదు' అని మాత్రమే రాస్తే బర్గ్లరీ పాలసీ దాన్ని గుర్తించదు.

సర్వేయర్ అడిగేది కొనుగోలు బిల్లులు, జీఎస్టీఆర్-3బీ రిటర్నులు, బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్. మూడూ ఒకే మాట చెప్పాలి. లిమిట్ నిలబెట్టుకోవడానికి బ్యాంకుకు 12 లక్షల స్టాక్ అని రాసిచ్చి, బీమాకు 7 లక్షలే చేయించిన షాపులో సర్వేయర్ 12 లక్షల కాగితాన్నే పట్టుకుంటాడు. బిల్లులు షాపులోనే ఉండి అవీ కాలిపోయిన సందర్భాలు తక్కువేం కాదు. ఆ వారం బిల్లులను అదే వారంలో ఫొటో తీసి అకౌంటెంటుకు పంపించే అలవాటు పెట్టుకుంటే చాలు.

కంపెనీ తక్కువ కట్టినా, కాదన్నా ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఒంటి యజమాని షాపులు, సూక్ష్మ సంస్థల పాలసీల మీద ఫిర్యాదులు కూడా తీసుకుంటుంది, లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపల వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనో, 155255 నంబరులోనో ఫిర్యాదు పెట్టిన వివరం కూడా ఆ కాగితాలకు జతచేయవచ్చు.